బేరం బాగుంది, గల్లా ఖాళీ: ఉద్దెరకు కొని ఉద్దెరకు అమ్మే వ్యాపారికి రొటేషన్ డబ్బు ఎంత కావాలి?

కర్నూలులో చిన్నపిల్లల రెడీమేడ్ బట్టలు హోల్‌సేల్‌గా అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. సరుకు హైదరాబాద్ మదీనా, పత్తర్‌గట్టి బజారు నుంచి వస్తుంది. కోడుమూరు, డోన్, ఎమ్మిగనూరు వైపు ఉన్న చిన్న దుకాణాలకు వెళ్తుంది. పైవాళ్లు ఉద్దెరకు ఇస్తారు, కింది దుకాణాలకు ఈయన ఉద్దెరకు ఇస్తాడు. నెలకు 6 లక్షల అమ్మకం. రూపాయికి 15 పైసలు మిగులుతుంది. ఎవరు చూసినా బాగా నడుస్తున్న వ్యాపారమే అంటారు.

కానీ హైదరాబాద్ పార్టీ మనిషి వసూలుకు వచ్చిన రోజు గల్లాలో 12 వేలు కూడా ఉండవు. "ఇంత బేరం జరుగుతుంటే డబ్బు ఎక్కడికి పోతోంది?" అని ఇంట్లో భార్య అడుగుతుంది. ఆమె గాజులు అప్పటికే గోల్డ్ లోన్‌లో ఉన్నాయి కాబట్టి అడిగే హక్కు ఆమెకు ఉంది. ఆయన దగ్గర జవాబు లేదు. డబ్బు ఎవరూ తినలేదు, నష్టమూ రాలేదు. అది సరుకులోనూ, ఊళ్లలోని బాకీల్లోనూ కూర్చుని ఉంది. ఎంత కూర్చుందో ఆయన ఎప్పుడూ లెక్క వేయలేదు, అంతే.

వ్యాపారం ఆగకుండా తిరగడానికి ఎప్పుడూ లోపల ఉండాల్సిన ఈ డబ్బునే కామర్స్ పుస్తకాల్లో వర్కింగ్ క్యాపిటల్ అంటారు. బజారులో రొటేషన్ డబ్బు అంటారు. దుకాణం అడ్వాన్సు, ర్యాకులు, కౌంటర్ ఇందులోకి రావు. అవి ఒకసారి పెట్టిన ఖర్చు. రొటేషన్ డబ్బు సరుకుగా మారి, బాకీగా మారి, మళ్లీ నోటుగా చేతికి వచ్చే డబ్బు.

నోటి మాట లెక్క

రెండేళ్ల క్రితం దుకాణం పెట్టేటప్పుడు ఈయన కూడా ఒక లెక్క వేసుకున్నాడు. సరుకు నెల రోజుల్లో అమ్ముడుపోతుంది. దుకాణాలకు నెల రోజులు ఉద్దెర ఇస్తాను. హైదరాబాద్ వాళ్లు నాకు 45 రోజులు ఇస్తారు. అంటే 30, 30 కలిపితే 60. అందులో 45 పోతే 15. ఆ 15 రోజుల గ్యాప్‌కు మాత్రమే నా జేబులోంచి డబ్బు కావాలి.

పద్ధతి తప్పు కాదు. సరుకు దుకాణంలో ఉండే రోజులు, వసూలుకు పట్టే రోజులు కలిపి, పైవాళ్లు మనకిచ్చే రోజులు తీసేయాలి. మిగిలిన రోజులు మన డబ్బుతో నడవాలి. దాన్ని రూపాయల్లోకి మారిస్తే ఇలా వస్తుంది. నెలకు 6 లక్షల అమ్మకంలో కొన్న ధర 5,10,000. రోజుకు 17,000. ముప్పై రోజుల సరుకు అంటే 5,10,000. అమ్మకంలో లక్ష కౌంటర్ మీద నగదుకు పోతుంది, 5 లక్షలు ఉద్దెర. నెల రోజుల ఉద్దెర అంటే ఊళ్లలో 5 లక్షల బాకీ, అందులో ఈయన కొన్న ధర 4,25,000. రెండూ కలిపి 9,35,000. పైవాళ్ల 45 రోజులు అంటే 7,65,000. తీసేస్తే మిగిలేది 1,70,000.

చేతిలో 3 లక్షలు ఉన్నాయి. చాలు అనుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. బాకీని 5 లక్షలు అని కాకుండా 4,25,000 అని ఎందుకు వేశాం? ఆ 5 లక్షల్లో 75 వేలు ఈయన లాభం. అది ఇంకా చేతికి రాలేదు నిజమే, కానీ దాని కోసం ఆయన జేబులోంచి ఎవరికీ చెల్లించలేదు. ఇరుక్కుపోయింది కొన్న ధర మాత్రమే. సరుకునైనా, బాకీనైనా కొన్న ధర దగ్గరే లెక్కించాలి. అమ్మే ధర మీద లెక్క వేస్తే అవసరం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. అయితే ఆ లాభంలోంచే జీతాలు, ఇంటి ఖర్చు ముందుగా వాడేస్తే కథ మారుతుంది. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఖాతా పుస్తకం చెప్పే లెక్క

తప్పు పద్ధతిలో లేదు, రోజుల్లో ఉంది. ముప్పై, ముప్పై, నలభై ఐదు అనేవి మాట మీద అనుకున్న రోజులు. నిజంగా ఎన్ని రోజులు పడుతున్నాయో పుస్తకమే చెప్పాలి. దానికి మూడు అంకెలు చాలు: ఇవాళ దుకాణంలో ఉన్న సరుకు కొన్న ధరకు ఎంత, ఇవాళ ఊళ్లలో ఉన్న మొత్తం బాకీ ఎంత, ఇవాళ మనం పైవాళ్లకు ఇవ్వాల్సింది ఎంత.

ఈయన ఒక ఆదివారం కొడుకును కూర్చోబెట్టుకుని సరుకు లెక్కపెట్టించాడు. 6,80,000 వచ్చింది. రోజుకు 17,000 సరుకు బయటికి పోతుంది కాబట్టి దాన్ని 17,000తో భాగిస్తే 40. నెల రోజుల్లో అమ్ముడుపోతుందనుకున్న సరుకు నలభై రోజులు ఉంటోంది. ర్యాకు అడుగున సైజులు విరిగిన సెట్లు, రంగు నచ్చక వెనక్కి వచ్చిన ఫ్రాకులు దాదాపు అన్నీ ఈ పది రోజుల్లోనే ఉన్నాయి.

తర్వాత బాకీలు. ఒక్కో దుకాణం ఖాతా తీసి కూడితే 10 లక్షలు. నెలకు ఉద్దెర అమ్మకం 5 లక్షలు కదా, అంటే రెండు నెలల అమ్మకం బయటే ఉంది. నోటితో చెప్పింది 30 రోజులు, పుస్తకంలో ఉన్నది 60. నగదు అమ్మకాన్ని ఈ లెక్కలో కలపకూడదు. 10 లక్షలను మొత్తం 6 లక్షల అమ్మకంతో పోల్చితే 50 రోజులే అనిపిస్తుంది, వసూలు ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది.

చివరిది పైవాళ్లకు ఇవ్వాల్సింది. 45 రోజుల లెక్కన 7,65,000 ఉండాలి. ఉన్నది 4,25,000. అంటే 25 రోజులు. ఎందుకంటే 45 రోజులు ఇచ్చేది ఒక్క పాత పార్టీ మాత్రమే. మిగతా ఇద్దరు పదిహేను రోజులకే మనిషిని పంపిస్తారు. కొత్త డిజైన్ల సరుకైతే లారీ ఎక్కకముందే సగం డబ్బు అడుగుతారు. అన్నీ కలిపి సగటు తీస్తే 25కు దిగింది.

ఇప్పుడు మళ్లీ అదే లెక్క. సరుకు 6,80,000. బాకీల్లో కొన్న ధర, అంటే 10 లక్షల్లో 85 శాతం, 8,50,000. రెండూ కలిపి 15,30,000. పైవాళ్ల డబ్బు 4,25,000 తీసేస్తే 11,05,000.

ఒక లక్షా డెబ్భై వేలు ఎక్కడ, పదకొండు లక్షల అయిదు వేలు ఎక్కడ! తేడా 9,35,000. ఇందులో సరుకు పది రోజులు ఎక్కువ ఉండటం వల్ల వచ్చింది 1,70,000. బాకీలు ముప్పై రోజులు ఆలస్యం కావడం వల్ల 4,25,000. పైవాళ్ల దగ్గర అనుకున్న టైం దొరక్కపోవడం వల్ల 3,40,000. ఈయన దుబారా చేయలేదు. మూడు చోట్ల కొన్ని రోజులు జారిపోయాయి.

ఇంటి ఖర్చు ఎక్కడ చేరుతుంది

దుకాణం బాడుగ, గుమాస్తా జీతం, ఆటో, కరెంటు కలిపి నెలకు 40,000. ఇంటికి 30,000 తీసుకుంటాడు. మొత్తం 70,000. నెల లాభం 90,000 కాబట్టి ఇబ్బంది లేదనిపిస్తుంది. కానీ ఆ 90,000లో చాలా భాగం రెండు నెలల తర్వాత వచ్చేది. బాడుగ మాత్రం ఒకటో తారీకునే ఇవ్వాలి, పాలవాడు రెండు నెలలు ఆగడు.

కాబట్టి వసూలు వచ్చేలోపు అయ్యే ఖర్చును కూడా రొటేషన్ డబ్బులో కలపాలి. రెండు నెలల ఖర్చు 1,40,000. అమ్మకంలో ఆరో వంతు నగదుగా వెంటనే వస్తుంది కాబట్టి ఆ మేరకు తగ్గిస్తే 1,17,000 దాకా వస్తుంది. సుమారు 1,20,000 అనుకుందాం. 11,05,000కు కలిపితే 12,25,000.

ఈ డబ్బు నిజంగా ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఇంట్లో జరిగింది అర్థమవుతుంది. మొదట పెట్టింది 3 లక్షలు. నెలకు 20,000 చొప్పున రెండేళ్లలో మిగిలిన 4,80,000 అంతా దుకాణంలోనే ఇరుక్కుంది. అందుకే రెండేళ్లు లాభం వచ్చినా చేతికి ఏమీ కనిపించలేదు. గాజుల మీద 2,50,000. దుబాయిలో ఉన్న బావమరిది పంపింది 1,50,000. ఇంకా 45,000 డైలీ ఫైనాన్స్. అన్నీ కూడితే సరిగ్గా 12,25,000.

ఇందులో చిన్నదిగా కనిపించే ఆఖరి అంకె అన్నిటికంటే ప్రమాదం. లక్ష అప్పు అని రాసుకుని చేతికి 90,000 ఇస్తారు, రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు కట్టాలి. పదివేలేగా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టడం మొదలవుతుంది కాబట్టి వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది 45 వేలే. ఏడాది లెక్కలోకి మారిస్తే 75 శాతం దాటుతుంది. రూపాయికి 15 పైసలు మిగిలే వ్యాపారం, అందులో డబ్బు తిరిగి రావడానికి రెండున్నర నెలలు పట్టే వ్యాపారం, ఇలాంటి డబ్బును మోయలేదు. పైగా ఊళ్ల వసూలు నెలకోసారి, కట్టాల్సింది రోజూ. అప్పు కట్టడానికి సరుకు ధర తగ్గించి నగదుకు అమ్మడం మొదలవుతుంది, అక్కడినుంచి లాభం కూడా పోతుంది.

సగటు దాచిపెట్టేది

బాకీ 60 రోజులు అన్నాం. అది సగటు. సగటు కింద ఏముందో చూడటానికి ఆ 10 లక్షలను బిల్లు తారీకు ప్రకారం విడదీయాలి. ఈయన పుస్తకంలో నెల లోపు బిల్లులు 4,20,000. నెల నుంచి రెండు నెలల మధ్య 2,60,000. రెండు నుంచి మూడు నెలల మధ్య 1,40,000. మూడు నెలలు దాటినవి 1,80,000.

ఆఖరి 1,80,000 నాలుగే దుకాణాలది. అది పక్కన పెడితే మిగతా వసూలు 49 రోజులకు వస్తుంది. అంటే ఊళ్లలో ఎక్కువమంది మరీ ఆలస్యం చేయడం లేదు. నాలుగు ఖాతాలే సగటును లాగేస్తున్నాయి. అందరి మీదా గొంతు పెంచితే మంచి పార్టీలు వేరే హోల్‌సేలర్ దగ్గరికి పోతాయి. నాలుగింటి దగ్గరికే స్వయంగా వెళ్లి కూర్చోవాలి.

ఈ నాలుగింటిలో ఒకదాని ఖాతా పైకి చాలా బాగుంటుంది. నెలనెలా డబ్బు వస్తూనే ఉంటుంది, సరుకూ పోతూనే ఉంటుంది. కానీ ఇచ్చిన డబ్బును కొత్త బిల్లులకు జమ చేస్తూ పోయారు, పాత బిల్లు అలాగే ఉంది. వచ్చిన ప్రతి రూపాయినీ ముందు పాత బిల్లుకే జమ వేస్తే, ఆ పార్టీ నిజంగా ఎన్ని రోజుల వెనక ఉందో తెలుస్తుంది. ఇచ్చిన దానికంటే ఎక్కువ సరుకు ప్రతిసారీ తీసుకెళ్తున్న పార్టీ మంచి కస్టమర్‌లా కనిపిస్తుంది. నిజానికి ఆ దుకాణాన్ని మీ డబ్బుతో మీరే నడుపుతున్నట్టు.

మూడు నెలలు దాటిన బాకీ బ్యాంకు లెక్కలోనూ దెబ్బ కొడుతుంది. చిన్న వ్యాపారులకు బ్యాంకులు సాధారణంగా వాడేది నాయక్ కమిటీ చెప్పిన పద్ధతి. ఏడాది అమ్మకం అంచనాలో 25 శాతం రొటేషన్ అవసరం అనుకుంటారు. అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం వ్యాపారి పెట్టాలి. ఈయనకు ఏడాది అమ్మకం 72 లక్షలు. అవసరం 18 లక్షలు, బ్యాంకు వాటా 14,40,000 అవుతుంది. మూడు నెలలకు ఒకసారి డబ్బు తిరుగుతుందని ఊహించి వేసిన లెక్క ఇది. మీ వ్యాపారం రెండు నెలలకు తిరిగినా, నాలుగు నెలలకు తిరిగినా అంకె అదే వస్తుంది. పైగా లిమిట్ మంజూరైనంత మాత్రాన అంతా తీసుకోవచ్చని కాదు. ప్రతి నెలా స్టాకు, బాకీల స్టేట్‌మెంట్ అడుగుతారు. డబ్బు ఇంకా కట్టని సరుకును తీసేసి, మామూలుగా మూడు నెలలు దాటిన బాకీలనూ తీసేసి, మిగిలినదాంట్లో కొంత కోత పెట్టి, అంతవరకే వాడుకోనిస్తారు.

బ్యాంకు వడ్డీ వద్దనుకునే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. వారికి ఈ లెక్క ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకంటే వారి డబ్బు బంధువుల నుంచి, కర్జె హసనాగా వస్తుంది. "మూడు నెలల్లో ఇచ్చేస్తా" అని బావమరిది దగ్గర తీసుకున్న లక్షన్నర ఎప్పటికీ తిరగాల్సిన 12,25,000లో భాగమైపోయింది. ఆ డబ్బు మూడు నెలల్లో బయటికి రాదు. తీస్తే దుకాణంలో సరుకు తగ్గుతుంది. ఆయన అబద్ధం చెప్పలేదు, తన దుకాణంలో డబ్బు ఎంతకాలం ఇరుక్కుంటుందో తెలియక మాట ఇచ్చాడు. ఎప్పుడూ ఉండాల్సిన డబ్బుకు సొంత పెట్టుబడి, మిగులు, లేకపోతే లాభనష్టాల్లో వాటా తీసుకునే భాగస్వామి సరిపోతారు. కొన్ని వారాలకు తీసుకునే చేబదులు సీజన్ డబ్బుకే సరిపోతుంది.

రంజాన్ సీజన్‌లో లెక్క

పైన చెప్పిన 12,25,000 మామూలు నెలల లెక్క. పిల్లల బట్టల వ్యాపారంలో రంజాన్ వేరే లెక్క. పండుగకు మామూలు కంటే 8 లక్షలు ఎక్కువ అమ్ముతాడనుకుందాం. దానికి కొన్న ధర 6,80,000. ఈ సరుకు రజబ్ చివరి నుంచి షాబాన్ మధ్యలోపు తెచ్చుకోవాలి, లేకపోతే మంచి డిజైన్లు దొరకవు. 25 రోజుల సగటున పైవాళ్లకు కట్టాల్సిన రోజులు షాబాన్ చివరికీ రంజాన్ మొదటివారానికీ వచ్చేస్తాయి. ఊళ్లలో దుకాణాలకు అసలు బేరం రంజాన్ ఆఖరి పది రోజుల్లో. వాళ్లు "పండుగ కానీ భాయ్" అంటారు. డబ్బు వచ్చేది షవ్వాల్ రెండోవారం తర్వాతే.

అంటే రంజాన్ మొదటివారానికి, కౌంటర్ బేరం ఊపందుకోకముందే, ఆ 6,80,000 దాదాపు పూర్తిగా ఈయన జేబులోంచి పోయి ఉంటుంది. మామూలు 12,25,000కు కలిపితే 19 లక్షలు దాటుతుంది. అమ్మకం బాగున్న నెలలోనే డబ్బుకు ఎక్కువ కటకట వస్తుంది. ఆ వారంలోనే చాలామంది డైలీ ఫైనాన్స్ గుమ్మం ఎక్కుతారు.

పండుగ తర్వాత వచ్చేదంతా నోట్లు కూడా కాదు. కొంత రిటర్న్ సరుకు వస్తుంది. ఉద్దెరకు ఇచ్చిన 6 లక్షల్లో పదో వంతు వెనక్కి వచ్చినా 60,000 బాకీ మళ్లీ ర్యాకు మీద సరుకైపోతుంది. అదీ సీజన్ దాటిన సరుకు. రిటర్న్ ఏ తారీకు వరకు తీసుకుంటారో బిల్లు మీదే రాస్తే కొంత తగ్గుతుంది.

తారీకుల సంగతీ ఉంది. 2024లో ఈద్ ఏప్రిల్ 11న వచ్చింది, 2025లో మార్చి 31న. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నిరుటి మార్చి పుస్తకం చూసి ఈ మార్చికి డబ్బు సర్దుకుంటే తప్పుతుంది. పాత పుస్తకాన్ని ఇస్లామీ నెలల ప్రకారం, రజబ్‌కు రజబ్, షాబాన్‌కు షాబాన్ పెట్టి చూడాలి. సంక్రాంతి, జూన్‌లో స్కూళ్ల బేరం మాత్రం ఇంగ్లీషు తారీకుల మీదే నడుస్తాయి కాబట్టి రెండూ విడివిడిగా రాసుకోవాలి.

ఇదే కారణంతో మార్చి 31 బ్యాలెన్స్ షీట్ ఒక్కటే చూసి రొటేషన్ అవసరం తేల్చకూడదు. 2025లో ఆ రోజు సరిగ్గా పండుగ. పిల్లల బట్టలమ్మే వ్యాపారి దుకాణంలో ఆ రోజు ఏడాదిలోకెల్లా తక్కువ సరుకు, ఊళ్లలో ఏడాదిలోకెల్లా ఎక్కువ బాకీ ఉంటాయి. ఆ షీట్ మీద తీసిన రోజులు మిగతా పదకొండు నెలలకు వర్తించవు. పన్నెండు నెలల చివరి అంకెలు రాసి సగటు తీస్తే మామూలు అవసరం తెలుస్తుంది, అందులో పెద్ద అంకె సీజన్ అవసరం చెబుతుంది.

ఎక్కడ పది రోజులు తగ్గించాలి

సరుకు పది రోజులు తగ్గితే 1,70,000 బయటికి వస్తుంది. వసూలు పది రోజులు ముందుకు జరిగితే 1,67,000 నగదు ముందే చేతికి వస్తుంది. పైవాళ్ల దగ్గర పది రోజులు ఎక్కువ దొరికితే అదీ 1,70,000. మూడూ దాదాపు ఒకటే, కానీ మూడింటి ఖర్చు ఒకటి కాదు.

పైవాళ్లను ఆపడం అన్నిటికంటే తేలిక అనిపిస్తుంది. అయితే నగదుకు కొంటే బిల్లు మీద 3 శాతం తగ్గించే పార్టీలు ఉంటాయి. నెల ఉద్దెర తీసుకుంటే ఆ 3 శాతం పోయినట్టే. 97 రూపాయల సరుకును నెల ఆలస్యంగా 100 పెట్టి కొంటున్నాం. ఏడాదికి లెక్క కడితే 37 శాతం దాకా వస్తుంది. ఈయన మొత్తం కొనుగోలు మీద అది నెలకు 15,300. ఖర్చులు పోగా దుకాణానికి మిగిలేది 50,000 అయినప్పుడు ఇది చిన్న మొత్తం కాదు. ఉద్దెర ధర, నగదు ధర రెండూ అడిగి రాసుకోకుండా ఉద్దెర ఉచితంగా వస్తుందనుకోవడం మన బజారులో పాత అలవాటు.

సరుకు విషయంలో, విరిగిన సెట్లను కొన్న ధరకే కౌంటర్ మీద అమ్మేసినా మేలే. రెండు లక్షల పాత సరుకు లక్షా ఎనభైకి పోయినా 20,000 నష్టం ఒకసారి వస్తుంది. డైలీ ఫైనాన్స్‌లో రెండు లక్షలు తీసుకుంటే అదే 20,000 ప్రతి వంద రోజులకూ పోతుంది.

జీఎస్టీ గురించి ఎక్కువమంది భయపడతారు. వసూలు రాకపోయినా బిల్లు వేసిన నెల పన్ను తర్వాతి నెల 20కల్లా కట్టాలన్నది నిజమే, నెలవారీ రిటర్న్ వేసేవారికి. కానీ కొన్న సరుకు మీద కట్టిన పన్ను తగ్గుతుంది కాబట్టి చేతినుంచి పడేది తేడా మీదే. 5 శాతం సరుకైతే 90,000 తేడా మీద 4,500. అందుకే పైన లెక్కలో దాన్ని పక్కన పెట్టాం. ఒక్క జాగ్రత్త: పైవాళ్లకు బిల్లు తారీకు నుంచి 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఆ బిల్లు మీద తీసుకున్న పన్ను క్రెడిట్ వడ్డీతో సహా తిరిగి కట్టాల్సి వస్తుంది.

అమ్మకం పెంచే ముందు

ఈ పరిస్థితిలో ఎమ్మిగనూరు వైపు పది కొత్త దుకాణాలు సరుకు అడిగాయి అనుకుందాం. నెల అమ్మకం 6 నుంచి 9 లక్షలకు పోతుంది. లాభం 90,000 నుంచి 1,35,000. ఒప్పుకోకుండా ఉండటం కష్టం. కానీ రోజులు అవే ఉంటే సరుకు, బాకీలు, పైవాళ్ల బాకీ అన్నీ ఒకటిన్నర రెట్లు అవుతాయి. 11,05,000 కాస్తా 16,57,500 అవుతుంది. అదనంగా 5,52,500 కావాలి, అదీ మొదటి మూడు నెలల్లోనే. పెరిగిన లాభం నెలకు 45,000. ఆ లాభం మొత్తం ఇంటికి తీసుకోకుండా దుకాణంలోనే ఉంచినా అంత డబ్బు చేరడానికి ఏడాది పైనే పడుతుంది. మంచి వ్యాపారాలు మూతపడేది చాలాసార్లు ఇక్కడే, బేరం తగ్గినప్పుడు కాదు.

కొత్త దుకాణం ఒక్కదాని కోసం కూడా ఇదే లెక్క వేసుకోవచ్చు. నెలకు 30,000 సరుకు తీసుకునే దుకాణానికి రెండు నెలల ఉద్దెర అంటే 60,000 బాకీ, కొన్న ధరకు 51,000. దానికోసం నలభై రోజులు ఉంచే సరుకు 34,000. పైవాళ్లు మోసేది 21,250. మిగిలిన 63,750 ఈయనది. ఆ దుకాణం ద్వారా నెలకు వచ్చేది 4,500. నెల రోజులకే కచ్చితంగా కట్టే దుకాణమైతే ఈయన డబ్బు 38,250 చాలు. అందుకే "ఎంత సరుకు తీసుకుంటావు" అనే ప్రశ్న కంటే "ఎన్నో రోజుకు ఇస్తావు" అనేది ముందు అడగాలి. రెండు నెలల పార్టీ మీద, నెల పార్టీ మీద ఒకే ధర వేయడం కూడా మానాలి.

ఈయన ఇప్పుడు ప్రతి నెలా ఐదో తారీకున, వసూలు లైన్‌కు వెళ్లేముందు, ఖాతా పుస్తకం వెనక పేజీలో మూడు అంకెలు రాస్తున్నాడు: సరుకు, రావాల్సింది, ఇవ్వాల్సింది. పక్కన ఎన్ని రోజులో వేస్తాడు. అమ్మకం పెరగకుండా రావాల్సింది పెరిగితే వసూలు జారుతోందని అర్థం. సరుకు పెరిగితే కొనుగోలు మీద చేయి జారిందని అర్థం. సరుకు అలాగే ఉండి ఇవ్వాల్సింది పెరిగితే, పైవాళ్ల డబ్బుతో ఇంటి ఖర్చో పాత అప్పో తీరుస్తున్నారని అర్థం. నాలుగు పాత ఖాతాల్లో రెండింటి నుంచి ఇప్పటివరకు 95,000 వచ్చింది. అందులో మొదట డైలీ ఫైనాన్స్‌లో మిగిలిన 45,000 తీర్చేశాడు. ఆ తర్వాత మిగిలిన 50,000 గాజుల మీద కట్టాడు.